అందరూ పాస్ కాలేదంటే ఎందరు తప్పినట్టు?

మా ఇంట పెళ్లిలో జరిగిన సంగతి. మధ్యాహ్నం రెండున్నర దాటింది. మా పెద్దమ్మ వంటశాల గుమ్మంలోకి వచ్చి నిలబడి, "నాయనా, అందరూ భోంచెయ్యలేదు" అంది. వంటమేస్త్రీ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది.

"అదేంటమ్మగారూ, మూడు బంతులు లేచాయి. ఎవరూ తినలేదంటారేంటి?"

"ఎవరూ తినలేదని నేనెక్కడన్నాను? అందరూ తినలేదన్నాను. విడిదింట్లో ఇంకా పదిమంది ఉన్నారు."

ఆ పూట అందరం నవ్వుకున్నాం. నిజానికి వంటమేస్త్రీది చెవుడు కాదు, పెద్దమ్మది తప్పు తెలుగూ కాదు. ఆ వాక్యంలోనే రెండు వాక్యాలున్నాయి. పెద్దమ్మ ఒకటి చెప్పింది, ఆయనకు రెండోది వినపడింది. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున "మా క్లాసులో అందరూ పాస్ కాలేదు" అని పిల్లవాడు ఫోన్ చేసినప్పుడూ ఇదే చిక్కు. కొందరు తప్పారనా? ఒక్కరూ గట్టెక్కలేదనా?

ఈ చిక్కు మనకు కొత్తది కాదు. "తెల్లనివన్నీ పాలు కావు" అని మన పెద్దలు ఎప్పటినుంచో అంటున్నారు. ఆ మాటను ఒక్కసారి బొత్తిగా అక్షరార్థంతో, లాయరు చదివినట్టు చదవండి. తెల్లగా ఉన్న ప్రతిదాన్నీ తీసుకోండి, అది పాలు కాదు. అంటే పాలు తెల్లగా ఉండవన్నమాట! అలా ఎవరూ అర్థం చేసుకోరు. తెల్లనిదల్లా పాలేనని అనుకోవద్దు, కొన్ని పాలు కాకపోవచ్చు అనే తీసుకుంటారు. పాలు తెల్లగా ఉంటాయని ముందే తెలుసు కాబట్టి రెండో అర్థాన్ని మనసు దగ్గరికి కూడా రానివ్వదు. పరీక్షా ఫలితాల విషయంలో అలా ముందే తెలిసింది ఏమీ లేదు. అందుకే అక్కడ తడబడతాం.

తర్కశాస్త్రంలో దీన్ని పరిధి సందిగ్ధత అంటారు. ఇలాంటి వాక్యంలో బరువైన మాటలు రెండే. ఒకటి "అందరూ", రెండోది "లేదు". ఈ రెండింటిలో ఏది దేనికి పైన కూర్చుంటుందన్నదే పేచీ. "లేదు" పైన కూర్చుంటే "అందరూ పాసయ్యారు" అనే మొత్తం మాటను అది కాదంటుంది. "అందరూ" పైన కూర్చుంటే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "ఇతను కాలేదు, ఈమె కాలేదు" అని చెబుతుంది. మామూలు లిపిలో ఈ కూర్చునే తీరు కనపడదు. కనపడేలా రాయడానికే సంకేతాలు పుట్టాయి.

1879లో గాట్లోబ్ ఫ్రెగె అనే జర్మన్ గణితజ్ఞుడు చిన్న పుస్తకం వేశాడు. అందులో ఆయన వాక్యాలను గీతలతో గీశాడు. అడ్డగీత మీద చిన్న గుంట పెడితే "అందరికీ" అని అర్థం. అదే గీత కింద చిన్న నిలువు గీత పెడితే "కాదు" అని. గుంటకు ఎడమవైపు నిలువు గీత ఉంటే "అందరూ అని కాదు". కుడివైపు ఉంటే "అందరూ కాదు, ఒక్కరూ కాదు". వంటశాలలో పుట్టిన గొడవంతా ఆ గీతను గుంటకు ఏ పక్కన పెట్టామన్నదే. ఫ్రెగె గీతలు అచ్చువేసేవాళ్లకు తలనొప్పి, చదివేవాళ్లకూ అంతే. తరువాత వేరే గుర్తులు వచ్చాయి. "ఉంది" అనడానికి తిరగేసిన E ఆకారం, ∃, ఇటలీ గణితజ్ఞుడు పెయానో 1897లో వాడాడు. "ప్రతి ఒక్కటీ" అనడానికి తలకిందుల A, ∀, 1935లో గెర్హార్ట్ గెంట్జెన్ తెచ్చాడు. ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవి ఇవే.

ఇప్పుడు మన క్లాసును వీలైనంత చిన్నది చేద్దాం. ముగ్గురే పిల్లలు: సీత, రాము, గోపి. గదిలో నాలుగో మనిషి మాస్టారు. ఆయన విద్యార్థి కాదు. ఆయన్ను ఊరికే పెట్టలేదు, కాసేపట్లో పనికొస్తారు. S(x) అంటే "x విద్యార్థి". P(x) అంటే "x పాసయ్యారు". ¬ అంటే "కాదు". → అంటే "అయితే". ∧ అంటే "అదీ ఇదీ రెండూ".

వంటమేస్త్రీకి వినపడ్డ అర్థం, అంటే ఒక్కరూ గట్టెక్కలేదన్నది, ఇలా ఉంటుంది:

∀x (S(x) → ¬P(x))

చదివే పద్ధతి ఇది: ఎవరినైనా తీసుకోండి, వాళ్లు విద్యార్థి అయితే వాళ్లు పాస్ కాలేదు. పెద్దమ్మ చెప్పిన అర్థం ఇలా ఉంటుంది:

¬∀x (S(x) → P(x))

విద్యార్థి అయిన ప్రతివారూ పాసయ్యారన్నది నిజం కాదు. ¬ గుర్తు చోటు మారింది, అంతే. లోపలినుంచి బయటికి వచ్చింది. ఈ రెండోదాన్నే ఇంకోలా కూడా రాయొచ్చు:

∃x (S(x) ∧ ¬P(x))

విద్యార్థి అయి, పాస్ కాని వారు ఒకరైనా ఉన్నారు. "అందరూ అని కాదు" అన్నా, "కానివారు ఒకరైనా ఉన్నారు" అన్నా ఒకటే కనుక ఈ రెండూ సమానం.

ఇవి నిజంగా రెండు అర్థాలేనా, లేక ఒకే అర్థానికి రెండు మాటల తీరులా? దీన్ని తేల్చే దారి ఒకటే. ఒక అర్థం నిజమై, రెండోది అబద్ధమయ్యే పరిస్థితి ఒకటి చూపించాలి. ముగ్గురు పిల్లలకు పాస్, ఫెయిల్ కలిపి వచ్చే ఫలితాలు మొత్తం 8 రకాలు. ముగ్గురూ తప్పినది ఒకే ఒక్క రకం. మొదటి వాక్యం అక్కడ మాత్రమే నిజం. రెండోది 7 రకాల్లో నిజం, ముగ్గురూ పాసైన ఒక్క చోటే అబద్ధం. కాబట్టి సీత, రాము పాసై గోపి తప్పాడనుకోండి. రెండో అర్థంలో "అందరూ పాస్ కాలేదు" నిజమే. మొదటి అర్థంలో పచ్చి అబద్ధం. అర్థాలు రెండూ వేరన్నది ఇక్కడ తేలిపోయింది. నలభైమంది క్లాసు తీసుకుంటే ఫలితాల రకాలు దాదాపు లక్షా పది వేల కోట్లు. వాటిలో మొదటి అర్థానికి దక్కేది ఒకటి. రెండో అర్థం ఒకటి తప్ప మిగతా అన్నిట్లోనూ నిజం. మొదటిది అంత బలమైన మాట, రెండోది అంత మెత్తని మాట.

సంకేతాలు రాయడం మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట జారతారు. "అయితే" ఉండాల్సిన చోట "రెండూ" పెడతారు. ∀x (S(x) ∧ ¬P(x)) అని రాస్తారు. చూపుకు బాగానే ఉంటుంది. కానీ ఇది "గదిలో ప్రతివారూ విద్యార్థే, ప్రతివారూ తప్పారు" అంటోంది. మాస్టారు విద్యార్థి కాదు. అందుకని ముగ్గురు పిల్లలూ తప్పినా ఈ వాక్యం అబద్ధమే. దీనికి తల్లకిందులైన తప్పు ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. ∃x (S(x) → ¬P(x)) అని రాశారనుకోండి. ముగ్గురు పిల్లలూ పాసయ్యారు. అయినా ఈ వాక్యం నిజమే! ఎందుకంటే మాస్టారున్నారు. ఆయన విద్యార్థి కానే కాదు. "అయితే"కు ముందున్న మాట అబద్ధమైతే మొత్తం నిజంగా లెక్కపెట్టడం తర్కంలో నియమం. పిల్లలంతా ఫస్టు క్లాసులో పాసైనా, మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నందుకు "ఒకరు తప్పారు" అని తేలుతుంది. కాబట్టి గుర్తుంచుకోవలసింది: ∀ వెంట →, ∃ వెంట ∧. సందేహమొస్తే విద్యార్థి కాని మనిషినొకరిని గదిలో కూర్చోబెట్టి చూడండి. తప్పు రాశామో లేదో మాస్టారే చెప్పేస్తారు.

మొదటి అర్థం నిజమైతే రెండోదీ నిజమే కదా అనిపిస్తుంది. ఒక్కరూ పాస్ కానప్పుడు అందరూ పాసయ్యారన్నది ఎలాగూ నిజం కాదు. క్లాసులో పిల్లలుంటే అంతే. కానీ ఆ ఏడు ఒక్కరూ చేరని కాలేజీని ఊహించుకోండి. విద్యార్థులే లేరు కాబట్టి "ప్రతి విద్యార్థీ తప్పారు" అన్నది తర్కం లెక్కలో నిజం, దాన్ని అబద్ధం చేయడానికి ఒక్కరూ దొరకరు. "తప్పినవారు ఒకరైనా ఉన్నారు" అన్నది మాత్రం అబద్ధం. ఖాళీ క్లాసు దగ్గర బలమైన మాట నిలబడుతుంది, మెత్తని మాట పడిపోతుంది. మామూలు మాటల్లో ఈ పరిస్థితి ఎదురుకాదు, పిల్లలు లేని క్లాసు ఫలితాల గురించి ఎవరూ మాట్లాడరు కనుక.

ఇంకో తేడా ఎదురవుతుంది. పెద్దమ్మ అర్థంలో "అందరూ పాస్ కాలేదు" అంటే కొందరు పాసయ్యారని మన మనసు చేర్చుకుంటుంది. సంకేతంలో అది లేదు. ¬∀x (S(x) → P(x)) అన్నది ముగ్గురూ తప్పినా నిజమే. మరి "కొందరు పాసయ్యారు" ఎక్కడినుంచి వచ్చింది? ఒక్కరూ పాస్ కాకపోతే ఆ ముక్కే చెప్పేవాడు కదా, ఇంత మెత్తగా ఎందుకంటాడని మనం ఊహించుకోవడంలోంచి వచ్చింది. అది వాక్యం అర్థంలో భాగమా, మన ఊహా అని తేల్చడానికి సులువైన పరీక్ష ఒకటుంది. తరువాత మాటతో దాన్ని కొట్టేసి చూడండి. "అందరూ పాస్ కాలేదు, అసలు చెప్పాలంటే ఒక్కరూ కాలేదు." వాక్యం బాగానే నిలబడింది, ఎక్కడా గొంతు పట్టలేదు. కాబట్టి అది ఊహే. అదే "కొందరు పాసయ్యారు, అసలు చెప్పాలంటే ఒక్కరూ కాలేదు" అనండి, వినేవాడు మన మొహం చూస్తాడు.

ఇక మన భాష దగ్గరికి వద్దాం. ఇంగ్లీషువాడికి ఈ చిక్కు వస్తే "కాదు" మాటను ముందుకు జరిపి "నాట్ ఎవ్రీ స్టూడెంట్ పాస్డ్" అనేస్తాడు. పని అయిపోతుంది. ఫ్రెగె గీతలాగా ఎడమవైపున్నది పైన కూర్చుంటుంది. మనకు ఆ వీలు లేదు. తెలుగులో "లేదు" క్రియకు అతుక్కుని వాక్యం చివరనే ఉంటుంది. "అందరూ" ఎప్పుడూ దానికి ముందే వస్తుంది. ముందూ వెనకా చూసి ఏది పైనో చెప్పడం తెలుగులో కుదరదు. తెలుగు వేరే దార్లు వెతుక్కుంది. నాకు ముచ్చటగా అనిపించేవి అవే.

ఒకటి "అని". "అందరూ పాసయ్యారని కాదు" అనండి. ఇప్పుడు సందేహం పోయింది. "అందరూ పాసయ్యారు" అనే నిండు వాక్యాన్ని "అని" ఒక మూటగా కట్టేసింది, ఆ మూట మొత్తాన్ని "కాదు" తోసేసింది. తర్కంలో బ్రాకెట్ చేసే పని తెలుగులో "అని" చేస్తుంది. ¬∀x (…) అన్నదాన్ని మాట మాటకూ తెలుగులో చదవమంటే నేను "ప్రతివారూ… అని కాదు" అనే చదువుతాను. బ్రాకెట్ ముగిసే చోటే "అని" పడుతుంది.

రెండోది, "కాదు"ను క్రియ కడుపులో దాచేయడం. "అందరూ పాస్ కాలేదు" సందిగ్ధం. "అందరూ తప్పారు" సందిగ్ధం కాదు. తప్పడమంటే పాస్ కాకపోవడమే, కానీ ఆ "కాకపోవడం" క్రియ లోపలే ఇరుక్కుపోయింది. బయటికొచ్చి "అందరూ" మీద కూర్చోలేదు. అందుకే "అందరూ ఫెయిలయ్యారు" అంటే మొదటి అర్థం తప్ప వేరేది రాదు. పెద్దమ్మ "అందరూ పస్తున్నారు" అని ఉంటే వంటమేస్త్రీ గరిట పడేయడం న్యాయమే.

మూడోది మనం చెవికి పెద్దగా పట్టించుకోని "ఊ". "ఎవరు" అన్నది ప్రశ్న. దానికి "ఊ" చేర్చి "ఎవరూ పాస్ కాలేదు" అంటే సున్నా. "ఒక్కరూ పాస్ కాలేదు" అన్నా సున్నానే. అంకెల దగ్గర దీని పని ఇంకా బాగా కనపడుతుంది. "ముగ్గురు రాలేదు" అంటే మామూలుగా రానివాళ్లు ముగ్గురు, ఇంకా ఎందరున్నారో తెలియదు. "ముగ్గురూ రాలేదు" అంటే మనకు తెలిసిన ఆ ముగ్గురి గురించే మాట. అక్కడ మళ్లీ చిక్కు: ముగ్గురిలో ఒక్కరూ రాలేదా, లేక ఇద్దరే వచ్చారా? ఒక్క దీర్ఘం "ఎందరు" అన్న లెక్కను "అందరూ" అన్న లెక్కగా మార్చేసింది, దాంతోపాటు ఆ సందిగ్ధాన్నీ లోపలికి తెచ్చింది.

వీటన్నిటికీ పైన గొంతు ఉంది. "అందరూ" మీద నొక్కి, చివర కాస్త వేలాడదీసి "అందరూ… పాస్ కాలేదు" అంటే కొందరే తప్పారని చెవికి తెలుస్తుంది. నోటీసు బోర్డుకు గొంతు లేదు. ఇలాంటి వాక్యాలు నోటితో కంటే కాగితం మీద ఎక్కువ పీడించడానికి సగం కారణం అదే.

పెద్దవాళ్లం ఏదో ఒక రకంగా నెగ్గుకొస్తాం. పిల్లలు? దీన్ని అమెరికాలో జూలియన్ ముసోలినో, స్టీఫెన్ క్రెయిన్, రోజలిండ్ థార్న్‌టన్ పరీక్షించి 2000లో ప్రచురించారు. బొమ్మలతో ఒక కథ ఆడించారు. మూడు గుర్రాల్లో రెండు కంచె దూకాయి, ఒకటి దూకలేదు. అప్పుడొక తోలుబొమ్మ "ప్రతి గుర్రమూ కంచె దూకలేదు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం చెప్పింది. నిజమేనన్నారు పెద్దవాళ్లు. అయిదేళ్ల ఈడు పిల్లలు మాత్రం చాలావరకు "కాదు, తప్పు" అన్నారు, దూకిన రెండు గుర్రాలనూ చూపించారు. వాళ్లకు వంటమేస్త్రీ అర్థమే వినపడింది.

మరి వాళ్లు "ప్రతి" ముందు వచ్చింది, "కాదు" తరువాత వచ్చింది కాబట్టి ఆ వరసే పట్టుకున్నారా? ఇంగ్లీషులో ఈ ప్రశ్న తేలదు. అక్కడ మాటల వరసా, వాక్యం లోపలి కట్టడమూ ఒకే వైపు మొగ్గుతాయి. ఈ ముడి విప్పడానికి ముసోలినో, జెఫ్రీ లిడ్జ్ మన పొరుగింటికి వచ్చారు. 2002లో వాళ్లు వేసిన వ్యాసంలో ఇంగ్లీషు పిల్లల పక్కన కన్నడ పిల్లలున్నారు. కన్నడంలోనూ తెలుగులోలాగే కర్మ ముందు, క్రియా నిషేధమూ చివర. వాళ్లు వాడిన మచ్చు వాక్యాన్ని మన వైపుకు తిప్పుకుంటే ఇలా ఉంటుంది: "పోలీసు ఇద్దరు దొంగలను పట్టుకోలేదు." దొంగలు నలుగురు. ఇద్దరు దొరికారు, ఇద్దరు తప్పించుకున్నారు. పట్టుకోని దొంగలు ఇద్దరున్నారు కాబట్టి ఒక అర్థంలో వాక్యం నిజం. "ఇద్దరిని పట్టుకున్నాడన్నది నిజం కాదు" అనే అర్థంలో అబద్ధం, ఎందుకంటే ఇద్దరిని పట్టుకున్నాడు. పెద్దవాళ్లకు రెండు అర్థాలూ సరే. మాటల వరసే పట్టుకుంటే కన్నడ పిల్లలు "ఇద్దరు" ముందు వచ్చిందని మొదటి అర్థం వైపు పోవాలి. నాలుగేళ్ల పిల్లలు అటు పోలేదు. ఇంగ్లీషు పిల్లల్లాగే "ఇద్దరిని పట్టుకున్నాడన్నది నిజం కాదు" వైపే నిలిచారు. చెవికి ఏది ముందు వినపడిందన్నది కాదు, వాక్యం కట్టడంలో ఏది పైఅంతస్తులో ఉందన్నదే వాళ్లకు లెక్క. కర్మ క్రియ కిందికి వస్తుంది, నిషేధం ఆ రెంటికీ పైన ఉంటుంది. కర్త అలా కాదు, పైఅంతస్తులో ఉంటుంది. అందుకే "ప్రతి గుర్రమూ" దగ్గర పిల్లలు అటు మొగ్గారు.

పిల్లలకు రెండో అర్థం తెలియదనీ కాదు. 2006లో ఇదే జంట ఇంకొకటి చూపించింది. ముందు ఒక పోలిక వాక్యం పెడితే, అంటే "ప్రతి గుర్రమూ దుంగ దూకింది, కానీ ప్రతి గుర్రమూ కంచె దూకలేదు" అన్న పద్ధతిలో, పిల్లలు చాలా ఎక్కువగా ఒప్పుకున్నారు. మన పెళ్లింటిలోనూ పెద్దమ్మ "మూడు బంతులు లేచాయి గానీ అందరూ భోంచెయ్యలేదు" అని ఉంటే వంటమేస్త్రీకి తికమక ఉండేది కాదు. అందరూ తిని ఉండాలన్న ఆశ ముందు పడ్డాక, దాన్ని కాదనడం సులువు.

"లేదు" లేకపోయినా ఈ తగువు ఆగదు. ఎన్ని అని చెప్పే మాటలు రెండుంటే చాలు. "అందరూ ఒక సబ్జెక్టు తప్పారు." మన క్లాసుకు లెక్కలు, సైన్స్, తెలుగు అని మూడు సబ్జెక్టులు పెడదాం. సీత లెక్కలు తప్పింది. రాము సైన్స్ తప్పాడు. గోపి లెక్కలు తప్పాడు. వేరే తప్పులు లేవు. ఇప్పుడు వాక్యం నిజమా? J(y) అంటే "y సబ్జెక్టు", F(x, y) అంటే "x కు y పోయింది" అనుకుంటే ఒక చదువు ఇది:

∀x (S(x) → ∃y (J(y) ∧ F(x, y)))

ఎవరిని పట్టుకున్నా వాళ్లకు పోయిన సబ్జెక్టు ఒకటుంది. మన పట్టికలో నిజం. రెండో చదువులో ∃ పైకి వస్తుంది:

∃y (J(y) ∧ ∀x (S(x) → F(x, y)))

అందరికీ పోయిన ఒకే సబ్జెక్టు ఉంది. వరసగా చూడండి. లెక్కలు కాదు, రాముకు వచ్చాయి. సైన్స్ కాదు, సీతకు వచ్చింది. తెలుగు ఎవరికీ పోలేదు. కాబట్టి అబద్ధం. రాముకు లెక్కలు కూడా పోయాయని ఒక్క గడి మార్చండి, రెండు చదువులూ నిజమైపోతాయి. అందరికీ పోయిన సబ్జెక్టు ఉంటే ప్రతివారికీ పోయిన సబ్జెక్టు ఉన్నట్టే. ఇటునుంచి అటు మాత్రం కుదరదు.

మాస్టారికి ఈ తేడా చిన్నది కాదు. రెండో చదువు నిజమైతే ఆ సబ్జెక్టు పేపరునో, చెప్పిన పద్ధతినో చూసుకోవాలి. మొదటిది మాత్రమే నిజమైతే ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టుకోవాలి. ఇక్కడ తెలుగు మళ్లీ మాటను రెట్టించి గట్టెక్కిస్తుంది: "ఒక్కొక్కరు ఒక్కో సబ్జెక్టు తప్పారు." ఇందులో రెండో చదువుకు చోటే లేదు. ఈ రెట్టింపు మీద రాహుల్ బాలుసు అనే భాషాశాస్త్రవేత్త 2006లో పని చేశారు. "పిల్లలు రెండు రెండు కోతులను చూశారు" లాంటి వాక్యంలో పంచడం పిల్లల మీదే జరగక్కర్లేదని ఆయన చూపించారు. పిల్లకు రెండు చొప్పున చూసి ఉండొచ్చు, చూసిన ప్రతిసారీ రెండేసి చూసి ఉండొచ్చు, చూసిన ప్రతి చోటా రెండేసి ఉండొచ్చు. అంటే రెట్టించడం ఒక చిక్కు విప్పి ఇంకోదాన్ని తెస్తుంది. ∀ గుర్తు అయినా "దేని మీద పంచుతున్నావు" అని అడగకుండా ఊరుకోదు. పిల్లలా, వేళలా, చోట్లా అని మనం ముందే చెప్పి తీరాలి.

ఇప్పుడు "లేదు", "అందరూ", "ఒక" మూడూ ఒకే వాక్యంలో చేరితే? స్కూలు గేటు దగ్గర ఎవరో అన్నారనుకోండి: "ఒక్క సబ్జెక్టులోనూ అందరూ పాస్ కాలేదు." P(x, y) అంటే "x y లో పాసయ్యారు" అనుకుంటే ఒక అర్థం ఇది:

¬∃y (J(y) ∧ ∀x (S(x) → P(x, y)))

అందరూ పాసైన సబ్జెక్టు ఒక్కటీ లేదు. ముందటి పట్టికలో ఇది అబద్ధం, తెలుగులో ముగ్గురూ పాసయ్యారు కనుక. గోపికి తెలుగు కూడా పోయిందనుకోండి. వాక్యం నిజమైపోతుంది. ముగ్గురికి మూడేసి చొప్పున తొమ్మిది గళ్లలో అయిదింట పాసు, నాలుగింట ఫెయిలు. సీతకు పోయింది లెక్కలొక్కటే. కానీ ఆ మాటను రెండో అర్థంలో విన్న సీత నాన్న తొమ్మిది గళ్లలోనూ ఫెయిలేనని అనుకుంటూ ఇంటికి నడుస్తాడు.